ఆ డాలరు గుర్తు పెసోలది

మెక్సికోలో ఆస్పత్రి బిల్లు చేతికొచ్చినప్పుడు, అమెరికాలో చదువుకుంటున్న విద్యార్థికి గుండె ఆగినంత పనవుతుంది. అడుగున మొత్తం $160,000.00 అని ఉంటుంది. మెక్సికో పెసోకూ అమెరికా డాలరుకూ వాడే గుర్తు ఒకటే. ఆ అంకె లక్షా అరవై వేల పెసోలు. డాలరుకు ఇరవై పెసోల లెక్కన ఎనిమిది వేల డాలర్లు. ఇది డబ్బు కట్టినవాడికి ఆ పూటే తెలిసిపోతుంది. నెల తర్వాత వేరే దేశంలో, వేరే ఊళ్లో, కంప్యూటర్ తెర మీద ఆ కాగితాన్ని చూసే బీమా ఉద్యోగికి తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాల్సింది విద్యార్థే. చెప్పాల్సిన చోటు అతను పంపే క్లెయిమ్ ఈమెయిలు.

తెలుగు విద్యార్థులకు ఇది దూరపు సంగతేమీ కాదు. డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల యూనివర్సిటీల్లో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మార్చిలో వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్ సెలవులొస్తాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. డల్లాస్ నుంచి కాన్‌కూన్‌కు విమానంలో మూడు గంటల లోపే. నలుగురు రూమ్మేట్లు కలిసి అక్కడి సముద్రం చూసి రావడం ఏటా జరిగేదే. అందుకే ఈ వ్యాసానికి అలాంటి ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. విద్యార్థి ఊహించిన మనిషే, అంకెలు కూడా లెక్క సులువుగా అర్థం కావడానికి వేసుకున్నవే. దారిలో ఎదురయ్యే చిక్కులు మాత్రం నిజమైనవి.

2025 మార్చి 10 సాయంత్రం అతనికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. బయటి తిండి పడలేదనుకున్నాడు. అర్ధరాత్రికి నొప్పి పొట్ట కుడివైపు కిందికి దిగింది. రెండుసార్లు వాంతయింది, జ్వరం వచ్చింది, నిటారుగా నడవలేకపోయాడు. తెల్లవారుజామున రెండున్నరకు స్నేహితులు టాక్సీలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. "అమ్మకి ఇప్పుడే చెప్పకండిరా" అన్నది ఒక్కటే దారిలో అతను అన్న మాట. స్కాన్‌లో అపెండిసైటిస్ అని తేలింది. మర్నాడు పొద్దున లాప్రోస్కోపీ పద్ధతిలో అపెండిక్స్ తీసేశారు. 13న ఇంటికి పంపారు.

మెక్సికో ప్రైవేటు ఆస్పత్రుల్లో చేర్చుకునే ముందే డిపాజిట్ అడగడం మామూలు. అమెరికా బీమా కార్డు చూపిస్తే అక్కడ చాలాచోట్ల పని జరగదు. ముందు కట్టి తర్వాత రాబట్టుకోవాల్సిందే. అయితే కార్డు వెనక ఒక ఫోన్ నంబరు ఉంటుంది. చాలా యూనివర్సిటీలకు విదేశాల్లో సాయం చేసే సంస్థతో విడిగా ఒప్పందం కూడా ఉంటుంది. మంచం ఎక్కగానే స్నేహితుల్లో ఒకరు అక్కడికి ఫోన్ చేస్తే రెండు లాభాలు. ఆ సంస్థ ఆస్పత్రికి నేరుగా చెల్లింపు హామీ పంపే వీలుండొచ్చు. అది కుదరకపోయినా, అత్యవసరంగా ఆస్పత్రిలో చేరితే ఇరవై నాలుగు లేదా నలభై ఎనిమిది గంటల్లో తెలియజేయాలని షరతు పెట్టే పాలసీలున్నాయి, ఆ షరతు తీరిపోతుంది. ఫోన్ చేసిన సమయం, అవతల మాట్లాడినవారి పేరు, వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోవాలి. తర్వాత ఈమెయిల్లో ఆ ఒక్క వాక్యం చాలా బరువు మోస్తుంది.

మన విద్యార్థి చేర్పించుకునేటప్పుడు తన క్రెడిట్ కార్డు మీద 40,000 పెసోలు కట్టాడు. ఇంటికి పంపే రోజు ఆస్పత్రికి ఇంకా 78,000 బాకీ తేలింది. అతని కార్డు పరిమితి దాటిపోతుంటే ఒక రూమ్మేటు తన కార్డు మీద కట్టాడు. సర్జన్‌కు 28,000, మత్తు డాక్టరుకు 14,000 విడిగా ఇవ్వాలన్నారు, ఆ 42,000 మళ్లీ విద్యార్థి కార్డు మీదే. మొత్తం 1,60,000 పెసోలు.

ఆస్పత్రి గేటు దాటక ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. నొప్పి, అలసట, విమానం టికెట్ మార్చుకునే కంగారు, వీటి మధ్య కార్డు యంత్రం ఇచ్చిన చిన్న చీటీ జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. ఆ చీటీ డబ్బు కట్టినట్టు మాత్రమే చెబుతుంది, దేనికి కట్టారో చెప్పదు. మెక్సికోలో దేనికెంత అయిందో వరుసగా చూపే పట్టీని 'ఎస్తాదో దే క్వెంతా' అంటారు. గది అద్దె, ఆపరేషన్ థియేటర్, స్కాన్, ల్యాబ్, ఒక్కో మందు, ఒక్కో సూది ధర అందులో ఉంటాయి. దానికి తోడు 'ఫాక్తూరా' అనే అధికారిక ఎలక్ట్రానిక్ బిల్లు ఉంటుంది. పన్ను శాఖ గుర్తింపుతో వచ్చే ఆ బిల్లు అడిగితేనే ఇస్తారు. అది ఇవ్వడానికి పన్ను నంబరు కావాలంటారు. విదేశీయుడికి అక్కడి పన్ను నంబరు ఉండదు కదా అని వెనక్కి తగ్గనక్కర్లేదు, విదేశీయులందరి కోసం XEXX010101000 అనే ఉమ్మడి నంబరు ఉంది. ఫాక్తూరా మీద ముద్రించే పొడవాటి గుర్తింపు సంఖ్యను మెక్సికో పన్ను శాఖ సైట్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. విదేశీ బిల్లు అనగానే బీమా కంపెనీలో దొంగ బిల్లేమోనన్న అనుమానం సహజంగా ఉంటుంది. ఆ అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు లేదు.

సర్జన్, మత్తు డాక్టరు ఆస్పత్రి బిల్లులో కనిపించరు. వాళ్ల ఫీజు రసీదులు వాళ్ల దగ్గర నుంచే తీసుకోవాలి. ఇవి మరిచిపోతే, ఉదాహరణలోని 42,000 పెసోలకు రుజువు లేకుండా పోతుంది.

వైద్య రికార్డుల సంగతి కొంచెం వేరు. మెక్సికో ప్రభుత్వం 2012లో ఇచ్చిన నియమావళి ప్రకారం రోగి ఫైలు ఆస్పత్రి ఆస్తే. అయినా అందులోని సమాచారం మీద రోగికి హక్కుంది, రాతపూర్వకంగా అడిగితే వైద్య సారాంశం ఇవ్వాలి. ఫైలును కనీసం అయిదేళ్లు దాచాలి. కాబట్టి తొందరలో తీసుకోకుండా వచ్చినా దారి మూసుకుపోదు. కానీ డల్లాస్ నుంచి స్పానిష్‌లో లేఖలు రాసి తెప్పించుకోవడం కంటే, వచ్చే ముందు ఒక పూట కౌంటర్ దగ్గర కూర్చోవడం ఎంతో తేలిక. కావాల్సినవి నాలుగు: అత్యవసర విభాగంలో మొదట చూసిన డాక్టరు రాసిన నోటు, ఆపరేషన్ నోటు, డిశ్చార్జ్ సారాంశం, తీసేసిన అపెండిక్స్ మీద పాథాలజీ నివేదిక. చివరిది వెంటనే రాదు. వచ్చాక ఈమెయిలుకు పంపమని చెప్పి రావాలి.

ఈ నాలుగింట్లో బీమా కంపెనీ దృష్టిలో అన్నిటికన్నా విలువైనది మొదటిదే. దీనికి కారణముంది.

అమెరికాలో ఎఫ్-1 వీసా విద్యార్థికి ఫలానా బీమా ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన లేదు. ఏ బీమా ఉండాలో యూనివర్సిటీలే నిర్ణయిస్తాయి. జె-1 వీసా వాళ్లకు మాత్రం ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల రక్షణ ఉండాలని నిబంధన ఉంది. విద్యార్థుల పాలసీలు ఎన్నో రకాలు. కొన్ని అమెరికా బయట చికిత్సకు అసలు చెల్లించవు. చాలావరకు విదేశంలో అత్యవసర చికిత్సకు మాత్రం చెల్లిస్తామంటాయి. అంటే మొత్తం క్లెయిమ్ 'అత్యవసరం' అన్న ఒక్క మాట మీద నిలబడుతుంది. ఆ మాటకు అమెరికా పాలసీల్లో మామూలుగా కనిపించే అర్థం చాలామంది అనుకునేది కాదు. చివరికి తేలిన జబ్బు పెద్దదా చిన్నదా అన్నది గీటురాయి కాదు. వైద్యం చదవని, ఓ మోస్తరు లోకజ్ఞానం ఉన్న మనిషి, ఆ క్షణంలో ఆ లక్షణాలు చూసి, వెంటనే ఆస్పత్రికి వెళ్లకపోతే ప్రమాదమని అనుకోవడం సబబేనా? అనుకోవడం సబబైతే అది అత్యవసరమే. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ఈ కొలమానాన్ని ఆరోగ్య బీమాలోకి విస్తృతంగా తెచ్చింది.

కాబట్టి ఆస్పత్రికి వెళ్లాక స్కాన్‌లో అది గ్యాస్ నొప్పి అని తేలినా క్లెయిమ్ చావదు. అదే సమయంలో, జబ్బు పేరు ఎంత భయంకరంగా ఉన్నా, ఎప్పుడు ఏం జరిగిందో రాయకపోతే కేసు బలహీనపడుతుంది. విద్యార్థులు రాసే ఈమెయిళ్లలో సాధారణంగా లోపించేది ఇదే. "నాకు అపెండిసైటిస్ వచ్చింది, దయచేసి డబ్బు ఇప్పించగలరు" అని రాస్తారు. బతిమాలుతూ రెండు పేరాలు, నొప్పి గురించి ఒక్క వాక్యం. చదివే ఉద్యోగికి కావాల్సింది దీనికి తలకిందులు. నొప్పి ఏ గంటకు మొదలైంది, ఎటు మారింది, ఇంకేమేం వచ్చాయి, ఏ గంటకు ఆస్పత్రి చేరారు, అక్కడ డాక్టరు ఏం రాశారు. మొదటి డాక్టరు నోటు విలువ ఇక్కడే తెలుస్తుంది. విద్యార్థి ఇప్పుడు చెబుతున్న మాటలనే, ఆ రాత్రే, డబ్బుతో సంబంధం లేని మనిషి కాగితం మీద పెట్టాడు.

మన విద్యార్థి ఇంగ్లిష్‌లో పంపిన ఈమెయిలు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"విషయం: విదేశంలో అత్యవసర చికిత్స, ఖర్చు తిరిగి చెల్లింపు కోసం క్లెయిమ్. సభ్యుడి ఐడీ చివరి నాలుగు అంకెలు, చికిత్స తేదీలు 2025 మార్చి 11 నుంచి 13 వరకు.

క్లెయిమ్ విభాగానికి,

నేను మీ విద్యార్థి పాలసీ సభ్యుణ్ని. సెలవుల్లో మెక్సికోలోని కాన్‌కూన్‌లో ఉండగా నాకు అత్యవసరంగా అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. నేను చెల్లించిన ఖర్చు పాలసీ నిబంధనల ప్రకారం తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మార్చి 10 సాయంత్రం ఆరింటికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. అర్ధరాత్రికి అది పొట్ట కుడివైపు కింది భాగానికి మారింది. రెండుసార్లు వాంతయింది, జ్వరం వచ్చింది, నడవలేకపోయాను. 11న తెల్లవారుజామున రెండున్నరకు అత్యవసర విభాగానికి చేరాను. డాక్టరు పరీక్ష, స్కాన్ ఫలితం జతపరిచిన 1వ ఫైలులో ఉన్నాయి. అదే ఉదయం ఆపరేషన్ చేశారు. 11న ఉదయం మీ సహాయ నంబరుకు నా స్నేహితుడు ఫోన్ చేశాడు, రిఫరెన్స్ నంబరు కింద ఇచ్చాను.

బిల్లుల మీద ఉన్న డాలరు గుర్తు మెక్సికో పెసోలకు సంబంధించినది. మొత్తం 1,60,000 పెసోలు: ఆస్పత్రి 1,18,000, సర్జన్ 28,000, మత్తు డాక్టరు 14,000. ఆస్పత్రి మొత్తంలో చేరేటప్పుడు కట్టిన 40,000 డిపాజిట్ కలిసే ఉంది, దాన్ని విడిగా అడగడం లేదు. కాగితాల మీద తేదీలు రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉన్నాయి, 11/03/2025 అంటే మార్చి 11.

78,000 పెసోలు నా స్నేహితుడి కార్డు మీద చెల్లించాం. అతని సంతకంతో లేఖ, నేను ఆ డబ్బు అతనికి తిరిగి పంపిన బ్యాంకు రుజువు జతచేశాను. అసలు కాగితాలు స్పానిష్‌లో ఉన్నాయి, ఒక్కోదాని వెంటే ఇంగ్లిష్ అనువాదం ఉంది. పాథాలజీ నివేదిక ఇంకా రాలేదు, రాగానే ఇదే క్లెయిమ్ నంబరు మీద పంపుతాను.

ఈ ఖర్చుకు నాకు మరో బీమా ఏదీ లేదు. ఇంకేమైనా కాగితాలు కావాలంటే దయచేసి ఏవో రాసి తెలియజేయండి."

ఇందులో విన్నపం ఒక్క వాక్యమే. మిగతాదంతా చదివేవారికి తప్పకుండా వచ్చే ప్రశ్నలకు ముందే ఇచ్చిన జవాబు. తేదీ గురించిన ఆ చిన్న వాక్యమే చూడండి. 11/03/2025ను అమెరికాలో నవంబర్ 3 అని చదువుతారు. ఏప్రిల్‌లో పంపిన క్లెయిమ్‌లో చికిత్స తేదీ నవంబర్ అని ఎక్కితే, ఇంకా రాని రోజున ఆపరేషన్ జరిగినట్టవుతుంది, కంప్యూటరే వెనక్కి కొట్టేస్తుంది. పుట్టిన తేదీకీ ఇదే గొడవ.

పేర్లది ఇంకో కథ, దీనిలో తెలుగువాళ్ల పాట్లు ప్రత్యేకం. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తర్వాత. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో FNU అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ మూడక్షరాలే కొన్నిసార్లు యూనివర్సిటీ రికార్డులోకి, అక్కడి నుంచి బీమా కార్డు మీదికీ ఎక్కుతాయి. మెక్సికోలో ప్రతి మనిషికీ తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు అని రెండుంటాయి, వాళ్ల ఫారంలో ఆ రెండు గడులూ నింపాలి. చేర్చుకునే గుమాస్తా పాస్‌పోర్టు చూసి మన పేరును మూడు ముక్కలు చేసి తనకు తోచిన గడిలో పెడతాడు. చివరికి బిల్లు మీద ఒక పేరు, బీమా కార్డు మీద మరో పేరు. చేతికి కట్టే పట్టీ మీద పేరు చూసి అప్పుడే సరిచేయించుకుంటే మేలు. కుదరకపోతే ఈమెయిల్లో రెండు పేర్లూ ఒకే మనిషివని రాసి పాస్‌పోర్టు మొదటి పేజీ జతచేయాలి.

ఇక అనువాదం. అన్నిటినీ అనువదించాలా అంటే, అక్కర్లేదు. నర్సులు గంటగంటకూ రాసిన ఉష్ణోగ్రత, బీపీ పట్టీలు అనువదించించడానికి డబ్బు పోయడం వృథా. పైన చెప్పిన నాలుగు వైద్య పత్రాలు, ఖర్చుల పట్టీ చాలు. ఎవరు అనువదించాలన్నది కంపెనీని బట్టి ఉంటుంది. కొన్ని ఏ అనువాదమైనా తీసుకుంటాయి, కొన్ని తామే చేయించుకుంటాయి, కొన్ని ధ్రువీకరించిన అనువాదం కావాలంటాయి. ఒక ఫోన్‌తో తేలే విషయం ఇది, డబ్బు పెట్టక ముందే అడగాలి. ధ్రువీకరణ అంటే గజిటెడ్ ఆఫీసరు ముద్ర లాంటిదేమీ కాదు. అమెరికాలో వాడుక ప్రకారం, ఇది పూర్తి, సరైన అనువాదమని, రెండు భాషలూ తనకు తెలుసని అనువాదకులు రాసి, పేరు, తేదీ వేసి సంతకం చేయడమే. క్లెయిమ్ వేసిన మనిషే అనువదించుకుంటే, స్పానిష్ ఎంత బాగా వచ్చినా, చదివేవారికి నమ్మకం తగ్గుతుంది. అసలు పత్రం లేకుండా అనువాదం ఒక్కటే పంపకూడదు. అసలు 3వ పేజీకి అనువాదం కూడా 3వ పేజీగానే ఉంటే పోల్చుకోవడం తేలిక.

అనువాదంలో తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే కేసు ఒకటి అమెరికా వైద్యరంగంలో బాగా తెలిసిందే. 1980లో ఫ్లోరిడాలో క్యూబా మూలాలున్న పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. కుటుంబం స్పానిష్‌లో వాడిన ఒక మాటకు, తిన్నది పడక జబ్బుచేసిందని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లు దాన్ని మత్తుమందులు మితిమీరి తీసుకోవడంగా అర్థం చేసుకుని ఆ వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. అతను కాళ్లూ చేతులూ కోల్పోయినట్టే మంచాన పడ్డాడు, పరిహారం కోట్ల డాలర్లకు చేరింది. అదే మాట ఇవాళ బీమా ఫైల్లోనూ చిక్కు తేగలదు. తిన్నది విషమై వాంతులతో చేరిన విద్యార్థి కాగితాల్లో స్పానిష్ వాళ్లు రాసేది 'ఇన్‌తాక్సికసియోన్'. దాన్ని ఇంగ్లిష్‌లో అలాగే దించేస్తే తాగి పడిపోయాడని అర్థం వస్తుంది. మద్యం, మత్తుమందుల వల్ల జరిగిన వాటికి చెల్లించబోమనే షరతు పెట్టే పాలసీలున్నాయి. స్ప్రింగ్ బ్రేక్, కాన్‌కూన్ అన్న రెండు మాటలు ఇప్పటికే కలిగించిన అనుమానానికి ఇది తోడవుతుంది. వైద్య పత్రాలకు వైద్య అనువాదం తెలిసినవారే కావాలనడం అందుకే.

మందుల పేర్లు కూడా ఇలాగే తడబెడతాయి. మెక్సికోలో నొప్పికి, జ్వరానికి 'మెటామిజోల్' విరివిగా ఇస్తారు. మన దేశంలో పాతతరం వాళ్లకు అనాల్జిన్‌గా తెలిసిన మందే అది. అమెరికాలో దాన్ని 1977లోనే మార్కెట్ నుంచి తీసేశారు, రక్తంలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉందని. ఖర్చుల పట్టీలో ఆ పేరు చూసిన పరిశీలకుడు ఇదేమిటని ఆగితే ఆశ్చర్యం లేదు. పక్కన 'నొప్పికి ఇచ్చే మందు, మెక్సికోలో అనుమతి ఉన్నది' అని అనువాదకుడి గమనికగా ఒక ముక్క చేర్చితే సరిపోతుంది. జబ్బు కోడ్, ఆపరేషన్ కోడ్ మాత్రం విద్యార్థి తనంతట తాను రాయకూడదు. అమెరికా ఆస్పత్రుల బిల్లుల్లో ఆపరేషన్‌కు వాడే కోడ్‌లు మెక్సికో బిల్లుల్లో ఉండవు, వాటిని కంపెనీలో కోడింగ్ చేసేవాళ్లు వేసుకుంటారు. ఇంటర్నెట్‌లో వెతికి తప్పు కోడ్ పెడితే కాగితాలకూ ఫారానికీ పొంతన లేదన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

ఈమెయిలు పంపడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. మామూలు ఈమెయిలు భద్రమైన దారి కాదు. కంపెనీకి సొంత పోర్టల్ ఉంటే ఫైళ్లు అక్కడ ఎక్కించి, ఈమెయిల్లో ఆ సంగతి చెప్పడం మంచిది. కార్డు స్టేట్‌మెంట్‌లో చివరి నాలుగంకెలు తప్ప మిగతా నంబరు, ఈ ఖర్చుకు సంబంధం లేని కొనుగోళ్లు నల్లగా కొట్టేయాలి. అంకెల మీద, పేరు మీద, తేదీ మీద మాత్రం గీత పడకూడదు. ఫోన్‌తో వంకరగా తీసిన ముప్పై ఫొటోల కంటే, వరుస నంబర్లున్న ఆరు పీడీఎఫ్ ఫైళ్లు నయం. చదవలేని ఫొటోను రాని కాగితంగానే లెక్కగడతారు.

గడువు సంగతి మరవకూడదు. అమెరికా ఆరోగ్య పాలసీల్లో తరచూ కనిపించే నిబంధన, ఖర్చు రుజువులు తొంభై రోజుల్లోపు ఇవ్వాలని, అది సాధ్యం కాని పరిస్థితి ఉంటే ఏడాది దాటకుండా ఇవ్వాలని. పాథాలజీ నివేదిక కోసమో, ఒక రసీదు కోసమో కూర్చుని తొంభై రోజులు దాటించుకోవడం తెలివైన పని కాదు. ఉన్నవి పంపి, లేనిది ఏదో చెప్పాలి. ఉదాహరణ ఈమెయిల్లో చేసింది అదే.

ఇంతకీ ఎంత వస్తుంది? ఎనిమిది వేల డాలర్లు పూర్తిగా తిరిగొస్తాయని ఆశపడే విద్యార్థి చివర్లో కంపెనీ మోసం చేసిందనుకుంటాడు. పాలసీలో డిడక్టబుల్ 500 డాలర్లు, ఆపై ఖర్చులో సభ్యుడి వాటా 20 శాతం అనుకుందాం. ఎనిమిది వేలలో మొదటి 500 అతనిదే. మిగిలిన 7,500లో 20 శాతం, అంటే 1,500 కూడా అతనిదే. కంపెనీ నుంచి వచ్చేది 6,000. ఆ ఏడాది అంతకుముందు ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్లి డిడక్టబుల్‌లో కొంత కట్టేసి ఉంటే ఆ మేరకు పెరుగుతుంది. మారకం రేటు మరో తేడా తెస్తుంది. చికిత్స జరిగిన రోజు రేటు వేసే కంపెనీలున్నాయి, వేరే రోజుది వేసేవీ ఉన్నాయి. కార్డు కంపెనీ తన రేటు వేసి, పైన విదేశీ లావాదేవీ రుసుము పట్టుకుని ఉంటుంది. ఆ రుసుము వైద్య ఖర్చు కాదు కాబట్టి తిరిగి రాదు. అందుకే అడిగే మొత్తాన్ని పెసోల్లో రాసి, డాలర్ల లెక్క కంపెనీకే వదలడం మేలు.

రూమ్మేటు కార్డు మీద కట్టిన 78,000 పెసోలు చూడ్డానికి చిన్న సంగతే, ఆలస్యానికి మాత్రం పెద్ద కారణం. బీమా కంపెనీ చెల్లించేది సభ్యుడికి అయిన ఖర్చుకు. స్టేట్‌మెంట్ మీద మరొకరి పేరుంటే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. 'ఫలానావాడి చికిత్స కోసం నా కార్డు వాడాను, ఈ ఖర్చుకు నేను వేరే క్లెయిమ్ వేయలేదు' అని స్నేహితుడు రాసిన నాలుగు వాక్యాల లేఖ ఉంటే ఆ ప్రశ్న తీరుతుంది. నగదు కట్టినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం, ఆస్పత్రి ముద్ర, సంతకం ఉన్న రసీదు తప్ప వాళ్లకు వేరే సాక్ష్యం లేదు.

జవాబు 'ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్' అనే కాగితంగా వస్తుంది. అది బిల్లు కాదు, ఎంత అడిగారు, ఎంత ఒప్పుకున్నారు, ఎందుకు తగ్గించారు అన్న లెక్క. అందులో ఒక్కో వరుస పక్కన ఒక కోడ్, కింద దాని అర్థం ఉంటాయి. చాలా తిరస్కరణలు అసలు తిరస్కరణలే కావు, 'మరింత సమాచారం కావాలి' అన్నదానికి మరో రూపం. ఖర్చుల పట్టీ చదవలేకపోయాం, అనువాదం లేదు, ఇంకో బీమా ఉందేమో చెప్పలేదు వంటివి. కాగితం పంపితే ఫైలు మళ్లీ కదులుతుంది. 'అత్యవసరం కాదు' అనో, 'పాలసీ పరిధిలో లేదు' అనో వస్తే మాత్రం అప్పీలు వేయాలి. అఫర్డబుల్ కేర్ చట్టం వర్తించే విద్యార్థి పాలసీల్లో దానికి నోటీసు అందినప్పటి నుంచి 180 రోజులు గడువు. జరిగిపోయిన చికిత్స మీద వేసిన అప్పీలుకు కంపెనీ మామూలుగా 60 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ కాదంటే, వైద్య నిర్ణయం మీద తగాదా అయితే, కంపెనీతో సంబంధం లేని బయటి సమీక్షకులను కోరడానికి నాలుగు నెలలు ఉంటుంది. మొదటి డాక్టరు నోటు, గంటల వారీగా రాసిన ఈమెయిలు మళ్లీ ఇక్కడే పనికొస్తాయి, ఆ సమీక్షకులు చూసేదీ అవే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనుక్కుని వెళ్లిన భారతీయ స్టూడెంట్ ట్రావెల్ పాలసీ అయితే దారి వేరు. ఆ తగాదా అమెరికా చట్టం కిందికి రాదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం, అక్కడ తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. పాలసీని అమెరికా కోసం కొన్నప్పుడు మెక్సికో పర్యటన దాని పరిధిలోకి వస్తుందా లేదా అన్నది విమానం ఎక్కక ముందే చూసుకోవాల్సిన సంగతి. పాలసీ మీద ప్రాంతం పేరు ఒక వరుసలో రాసే ఉంటుంది.

డబ్బు విషయంలో ఒక చివరి చిక్కు. డైరెక్ట్ డిపాజిట్ పెట్టుకోకపోతే చెక్కు పోస్టులో వస్తుంది. అది వెళ్లేది యూనివర్సిటీ రికార్డులో ఉన్న చిరునామాకు. మార్చిలో వేసిన క్లెయిమ్ చెక్కు జూన్‌లో బయల్దేరొచ్చు. మే నెలలో చదువు ముగిసి, అపార్ట్‌మెంట్ లీజు అయిపోయి, ఉద్యోగం దొరికిన ఊరికి మారిపోయిన విద్యార్థి కొత్త చిరునామాను యూనివర్సిటీకి ఒకసారి, బీమా కంపెనీకి విడిగా ఒకసారి తెలియజేయాలి. ఒకచోట మార్చితే రెండోచోట దానంతటదే మారుతుందన్న నమ్మకం లేదు.